ముక్కలు ముక్కలుగా పోయిన నెట్‌కి లెక్క ఎవరు కడతారు?

"డెబ్బై రూపాయల కోసం ఇంత రాద్ధాంతమా?" అన్నాడు మా బావ. నెట్ పోయిన గంటలకి డబ్బు వెనక్కివ్వమని నెట్ కంపెనీకి నేను రాసిన ఉత్తరం ఫోన్‌లో చదివి, నవ్వి, "ఆ టైములో నాలుగు కొబ్బరికాయలు దింపించుకున్నా లాభమే కదా" అని కూడా అన్నాడు. మాది రాజోలు వైపు పల్లెటూరు. హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే అకౌంట్స్ పని చేస్తాను. అకౌంట్స్ చేసేవాడికి డెబ్బై చిన్న అంకెగా కనిపించదు, టాలీ కాని అంకెగా కనిపిస్తుంది, బహుశా నా జబ్బు అక్కడే ఉంది. కానీ బావ మాట రెండు రోజులు బుర్రలో తిరిగింది. నిజంగానే డబ్బు కోసమా, పంతం కోసమా అని నన్ను నేనే అడుక్కున్నాక తేలిన సంగతి ఇక్కడ రాస్తున్నాను.

మన వైపు నెట్ ఎలా పోతుందో మీకు చెప్పక్కర్లేదు. కరెంటు స్తంభాల మీద నుంచి వేలాడే నల్లటి ఫైబర్, మధ్యలో కొబ్బరి చెట్లు. మట్ట పడితే తెగుతుంది, గడ్డి ట్రాక్టరు ఎత్తుగా వస్తే తెగుతుంది, కరెంటోళ్ళు స్తంభం మారిస్తే వాళ్ళే పక్కకి లాగేస్తారు. ఇవన్నీ ఎవరూ కావాలని చేసేవి కావు, ఒప్పుకుంటాను. నా గొడవ తెగడం గురించి కాదండి. తెగి ఉన్న గంటలకి కూడా పూర్తి డబ్బు తీసుకోవడం గురించి, పైగా ఆ గంటలు లెక్కలోకే రాకుండా పోయే పద్ధతి గురించి.

71 గంటలు, సున్నా రూపాయలు

నా ప్లాను 599. దాని మీద 18 శాతం జీఎస్టీ 107.82, మొత్తం 706.82 రూపాయలు ముందే కట్టేస్తాను. ముప్పై రోజులంటే 720 గంటలు, అంటే గంటకి ఇంచుమించు రూపాయి. ఫిబ్రవరి మధ్యలో మొదలైన ఆ నెల ప్లానులో నెట్ ఐదుసార్లు పోయింది. మట్ట పడినప్పుడు 19 గంటలు, అదే జాయింటు మళ్ళీ వదులైనప్పుడు 6, గడ్డి ట్రాక్టరు లాక్కుపోయినప్పుడు 31, మరో రెండుసార్లు 4, 11. కలిపితే 71 గంటలు, దాదాపు మూడు రోజులు. రూపాయల్లో 69.70.

ఇప్పుడు నియమాల సంగతి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ బ్రాడ్‌బ్యాండ్ నాణ్యత నియమాలు 2006లోనే తెచ్చింది. వాటిలో ఫాల్టు మూడు పనిదినాలు దాటి ఏడు లోపు ఉంటే ఏడు రోజుల అద్దె, ఏడు దాటి పదిహేను లోపు ఉంటే పదిహేను రోజుల అద్దె, అదీ దాటితే నెల అద్దె వెనక్కివ్వాలని ఉండేది. 2024లో కొత్త నియమాలు వచ్చి అక్టోబరు నుంచి అమలయ్యాయి. వాటిలోనూ మూడు రోజుల గీత ఉంది, పరిహారం పోస్ట్‌పెయిడ్ వాళ్ళతో పాటు ప్రీపెయిడ్ వాళ్ళకీ ఉంది. కాగితం మీద చూస్తే బాగానే ఉంది కదా.

కానీ ఆ గీత ఒక్కో ఫాల్టుకి విడివిడిగా గీసిందే. నా ఐదింటిలో పెద్దది 31 గంటలు, మూడు రోజులు ఎక్కడా దాటలేదు, కాబట్టి నాకు రావాల్సింది సున్నా. అదే పాత నియమం కింద వరసగా మూడు పనిదినాలు దాటి ఒక్క గంట పోయుంటే ఏడు రోజుల అద్దె, పన్ను వదిలేసినా 599లో దాదాపు 140 రూపాయలు వచ్చేవి. గంటల లెక్కలో రెండూ ఇంచుమించు ఒకటే. విడిగా పోతే ఏమీ లేదు, కలిపి పోతే వారం అద్దె. ఇంకా చెప్పాలంటే నాలాంటివాడికి ఐదుసార్లు పోవడమే ఎక్కువ నష్టం. వరసగా పోతే రాజోలులో ఎవరింటికైనా వెళ్ళి కూర్చుంటాను. ఎప్పుడు పోతుందో తెలియకపోతే ప్రతి మీటింగుకి ముందు టెన్షనే.

జిల్లా మొత్తానికి 24 గంటలు మించి నెట్‌వర్క్ పోతే ఆటోమేటిగ్గా పరిహారం ఇవ్వాలనే నియమం కూడా ఉంది కానీ, మా వీధి బాక్సు దగ్గర తెగితే అది జిల్లా ఎలా అవుతుంది?

టికెట్ మూస్తే గడియారం ఆగుతుంది

ఆ 31 గంటల కథ కొంచెం దగ్గరగా చూపిస్తాను, అసలు కిటుకు అందులోనే ఉంది. శనివారం ఉదయం పదింటికి ఎల్‌ఓఎస్ లైటు ఎర్రగా వెలిగింది. ఫోన్ చేస్తే కాల్‌సెంటర్ అమ్మాయి మర్యాదగానే "ఒకసారి రౌటర్ రీస్టార్ట్ చేస్తారా సార్" అంది. ఎర్ర లైటు అంటే ఫైబర్‌లో వెలుగే రావడం లేదని, ఎన్నిసార్లు ఆపి వేసినా తెగిన తీగ అతుక్కోదు. చెప్పాను, రాసుకుంది, కంప్లైంట్ నంబరు మెసేజ్ వచ్చింది. రాత్రి తొమ్మిదికి ఇంకో మెసేజ్: మీ ఫిర్యాదు పరిష్కరించబడింది. లైటు వైపు చూస్తే ఎర్రగానే ఉంది. మళ్ళీ ఫోన్, మళ్ళీ కొత్త నంబరు. ఆదివారం సాయంత్రం ఐదింటికి మా కేబుల్ కుర్రాడు స్తంభం ఎక్కి అతికించాడు.

నా గోడ గడియారంలో అది 31 గంటల ఒకే ఫాల్టు. కంపెనీ పుస్తకంలో 11 గంటలదొకటి, 20 గంటలదొకటి, రెండు వేర్వేరు ఫాల్టులు, రెండూ "సకాలంలో పరిష్కారం". ఇలా మూసి తెరుస్తూ పోతే మూడు రోజులు కాదు, ముప్పై రోజులు పోయినా గీత దాటదు. ఎవరో కూర్చుని మోసం చేద్దామని ఇలా చేస్తున్నారని నేను అనుకోవడం లేదు. టికెట్ ఇన్ని గంటల్లో మూయకపోతే కింద పనిచేసేవాళ్ళకి మాటపడుతుంది, అందుకని మూసేస్తారు. కానీ ఫలితం మాత్రం మన జేబు మీదే పడుతోంది.

అందుకే నా మొదటి డిమాండు: ఫాల్టు ముగిసిన టైము అంటే టికెట్ మూసిన టైము కాదు, నా ఇంట్లో లైటు ఆకుపచ్చ అయిన టైము.

"మీ ఇంట్లో లైటు ఎప్పుడొచ్చిందో మాకేం తెలుస్తుందండి, మీ కరెంటే పోయిందేమో" అంటారు. నాకూ మొదట్లో ఇది సమంజసంగానే అనిపించింది, మనకి కరెంటు కోతలు కొత్త కాదు కదా. అతికించి దిగిన కుర్రాడికి మజ్జిగ ఇస్తూ అడిగితే వాడే చెప్పాడు: "ఎందుకు తెలవదండీ, ఆఫీసులో మొత్తం పడుద్దండి." ఆపరేటరు దగ్గరుండే పెద్ద మెషీను, ఓఎల్‌టీ అంటారు, దాని మీద మన ఇంటి పెట్టెలు ఎప్పుడు తగులుకున్నాయో ఎప్పుడు ఊడిపోయాయో టైముతో సహా నమోదవుతాయి. ఎందుకు ఊడిపోయాయో కూడా. కరెంటు పోతే మన పెట్టె ఆరిపోయే ముందు చివరి క్షణంలో "నాకు కరెంటు పోయింది" అని ఒక కబురు పంపి చస్తుంది. దాని పేరే డైయింగ్ గ్యాస్ప్, ఆఖరి ఊపిరి. ఫైబర్ తెగితే ఆ కబురు పంపడానికి దారే ఉండదు, వెలుగు పోయింది అని మాత్రమే పడుతుంది. అంటే తప్పు ఇంటి కరెంటుదా, వీధి ఫైబర్‌దా అనేది నన్ను అడగక్కర్లేదు, వాళ్ళ దగ్గరే రాసి ఉంది. (నా పెట్టెకి చిన్న యూపీఎస్ కూడా ఉంది లెండి, కానీ దాని మాట నమ్మమని నేను అనను, వాళ్ళ మెషీను మాటే నమ్మమంటాను.)

ఇంకో సంగతి కూడా ఆ కుర్రాడి వల్లే తెలిసింది. బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టి లోపలికెళ్తే చాలా పెట్టెల్లో RX Power అని ఒక అంకె కనిపిస్తుంది. మన దాకా ఎంత వెలుగు వస్తోందో చెప్పే అంకె అది, మైనస్‌లో ఉంటుంది. ఇళ్ళల్లో ఉండే మామూలు పెట్టెలు దాదాపు మైనస్ 27 డీబీఎం దాకా తట్టుకుంటాయి, ఆ తర్వాత చూపు ఆనదు. ప్రతి 3 డీబీ తగ్గుదలకి వెలుగు సగమవుతుంది. మిషనుతో శుభ్రంగా కరిగించి అతికిన జాయింటు 0.1 డీబీ లోపే తింటుంది. తొందరలో నొక్కి బిగించేసిన జాయింటు దానికి ఎన్నో రెట్లు తింటుంది, తీగ గట్టిగా వంగినా అంతే. నాది మైనస్ 26 దగ్గర ఊగిసలాడుతోంది. అంటే మా లైను తెగక ముందే సగం పోయినట్టు, చిన్న కదలిక వస్తే చాలు పడిపోతుంది. ఆ ఐదుసార్లలో 6 గంటలదీ, 4 గంటలదీ తెగడం వల్ల వచ్చినవి కావు, ఇలా వెలుగు చాలక వచ్చినవే. కుర్రాడన్నాడు కూడా: "జాయింటు మీద జాయింటండి, ఈ ముక్క మొత్తం మార్చాలండి. నేను చెప్తే ఎవరింటారండి?"

తుపానుకి డబ్బులు అడగను

2025 అక్టోబరులో మొంథా తుపాను వచ్చినప్పుడు చాలా రోజులు నెట్ లేదు. ఆ రోజులకి నేను పైసా అడగలేదు, అడగను కూడా. స్తంభాలే నేలకొరిగితే ఫైబర్ ఎక్కడుంటుంది? నియమాల్లో కూడా ప్రకృతి వైపరీత్యాలకి మినహాయింపు ఉంది, అది న్యాయమే.

కానీ తుపాను తర్వాత అందరికీ త్వరగా ఇవ్వాలని వేసిన తాత్కాలిక జాయింటు, ప్లాస్టిక్ టేపు చుట్టి కొబ్బరి చెట్టుకి తాడుతో కట్టిన ఆ పెట్టె, ఫిబ్రవరిలోనూ అలాగే ఉంది. పండగ వెళ్ళింది, దాళ్వా నాట్లు అయిపోయాయి, అది మాత్రం కదల్లేదు. నవంబరులో అది తుపాను నష్టం. ఫిబ్రవరిలో అది నిర్వహణ లోపం. ఈ తేడా కంపెనీ చెప్పదు, మనమే చెప్పాలి.

నన్ను ఇబ్బంది పెట్టిన రెండు మాటలు

ఒకటి, నా స్నేహితుడిది. భీమవరంలో ఒక ఆఫీసు తన కోసమే విడిగా తీసుకున్న నెట్ లైను, లీజ్డ్ లైను అంటారు, అది చూసుకుంటాడు. "మేం 99.5 శాతం గ్యారంటీకి నీ ప్లాను మీద ఎన్నో రెట్లు కడతాం. నువ్వు 599కి గ్యారంటీ అడిగితే ఎలా రా?" అన్నాడు. అది నిజమే. 99.5 అంటే నెలకి 3.6 గంటలే పోవచ్చు, నాకు 71 పోయాయి, అంటే నాది 90 శాతం చిల్లర. నేను 99.5 అడగడం లేదు. అసలు గ్యారంటీయే అడగడం లేదు. గ్యారంటీ అంటే పోతే జరిమానా కట్టడం, నేనడిగేది ఇవ్వని దానికి తీసుకున్నది తిరిగివ్వడం. పాలబ్బాయి మూడు రోజులు రాకపోతే నెలాఖరున ఆ మూడు రోజులు కొట్టేసి ఇస్తాం, ఖరీదైన పాలకి మాత్రమే కొట్టేస్తాం అని ఎవరూ అనరు. స్పీడు తక్కువొచ్చిందంటే చౌక ప్లాను అని సర్దుకుంటాను, అసలు రాకపోతే చౌకా ఖరీదా అనే ప్రశ్నే లేదు.

రెండోది ఇంకా గట్టిది. మా ఆపరేటరు మాకు తెలిసినాయన, మా నాన్నగారి దగ్గర నుంచి పరిచయం, మా ఇంట్లో పెళ్ళికి వచ్చి వడ్డన దగ్గర నిలబడ్డ మనిషి. క్రెడిట్ మాట ఎత్తగానే "మనలో మనకి లెక్కలేంటి బాబూ, ఆయ్, ఈసారి చూసి చేయిద్దాంలే" అన్నారు. ఆ మాటకి మన వైపు ఎదురు చెప్పడం ఎంత కష్టమో మీకు తెలుసు. పైగా ఆయన భయం అబద్ధం కాదు: కంపెనీ ఆ డెబ్బై తన వాటాలోంచి కోసేస్తే? ఫైబర్ ముక్క కొనాల్సింది ఆయన, స్తంభాలు మార్చింది కరెంటోళ్ళు, తిట్లు తినేది ఆ కుర్రాడు.

దీని మీద చాలా ఆలోచించాను. చివరికి ఇన్‌వాయిస్ తీసి చూశాను. దాని మీద ఆపరేటరు పేరు లేదు, కంపెనీ పేరుంది, కంపెనీ జీఎస్టీ నంబరుంది. నాకు సేవ అమ్మింది ఆ కంపెనీ, పన్ను వసూలు చేసింది ఆ కంపెనీ. వాళ్ళిద్దరి మధ్య వాటాలు వాళ్ళ సంగతి. అందుకే ఆయన్ని డబ్బు అడగడం మానేసి, కంపెనీకి రాతపూర్వకంగా రాశాను. రాసే ముందు ఆయనకి చూపించాను కూడా, కుర్రాడి మీద గానీ ఆయన మీద గానీ ఒక్క ముక్క లేదని. చదివి, "ఆ ముక్క మార్చమని కూడా గట్టిగా రాయి బాబూ, నేను అడిగితే వాళ్ళు పలకట్లేదు" అన్నారు. అది నేను ఊహించలేదు.

ఏం రాశాను

ఉత్తరం చిన్నదే. కస్టమర్ నంబరు, ప్లాను తేదీలు, ఇన్‌వాయిస్ నంబరు. ఆ తర్వాత ఐదు ఫాల్టులకి ఐదు వరసలు: ఎప్పుడు పోయింది, ఎప్పుడొచ్చింది, ఏ ఏ కంప్లైంట్ నంబర్లు, అప్పుడు లైటు ఏ రంగు. 31 గంటల దానికి రెండు నంబర్లూ ఒకే వరసలో రాసి, ఇది ఒకే ఫాల్టు, మధ్యలో సేవ పునరుద్ధరణ జరగలేదు అని రాశాను. నా టైములు ఒప్పుకోకపోతే మీ ఓఎల్‌టీ లాగ్‌లో నా పెట్టె టైములు ఇవ్వండి, వాటినే ఒప్పుకుంటాను అన్నాను. ఈ వాక్యం ముఖ్యం, ఇది ఉంటే మీరు చెప్పింది అబద్ధం అనే వీల్లేదు. కింద అడిగినవి రెండు: 71 గంటలకి 69.70 రూపాయల క్రెడిట్ నోటు లేదా దానికి సరిపడా వ్యాలిడిటీ, దానితో పాటు ఆ ముక్క ఫైబర్ మార్పు.

క్రెడిట్ నోటు అని పట్టుబట్టడానికి కారణముంది. జీఎస్టీ చట్టం 34వ సెక్షన్లో, అమ్మిన సేవలో లోపం తేలితే అమ్మినవాడు క్రెడిట్ నోటు ఇవ్వవచ్చని ఉంది. అంటే ఇలాంటి సందర్భం కోసం పుట్టిన కాగితమే అది. దాని మీద అది ఏ ఇన్‌వాయిస్‌కో చెప్పాలి. "మీకోసం ప్రత్యేకంగా ఈసారికి" అని చేసే డిస్కౌంటుకి ఆ బాధ లేదు.

పది రోజులకి జవాబొచ్చింది. "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం, గుడ్‌విల్‌గా 3 రోజుల వ్యాలిడిటీ పొడిగించాం." చూశారా, 71 గంటలంటే మూడు రోజులకి ఒక గంట తక్కువ. నాకు రావాల్సిన దానికన్నా రూపాయి ఎక్కువే ఇచ్చారు! బావ వెంటనే "ఇంకేం, గెలిచావుగా" అన్నాడు. డబ్బుదే గొడవైతే గెలిచినట్టే. కానీ గుడ్‌విల్ అనే మాటలో లోపం జరిగిందని ఒప్పుకోవడం లేదు, గంటల లెక్క లేదు, ఫైబర్ ముక్క ఊసే లేదు. వచ్చే నెల మళ్ళీ పోతే మళ్ళీ మొదటి నుంచి బతిమాలుకోవాలి, నాలా రాయని పక్కింటి వాళ్ళకి అదీ లేదు. మా వీధి బాక్సులో ఎనిమిది ఇళ్ళు, అందరికీ ఒకేసారి పోయింది, వ్యాలిడిటీ నాకొక్కడికే పెరిగింది.

అందుకని మూడు రోజులూ ఉంచుకుని అప్పీలుకి వెళ్ళాను. చాలామంది నేరుగా ట్రాయ్‌కి మెయిల్ పెడతారు, ట్రాయ్ విడి వ్యక్తుల ఫిర్యాదులు తేల్చదు. 2012 నియమాల ప్రకారం కంపెనీకి అప్పీలు అథారిటీ ఉండాలి, మొదటి ఫిర్యాదు తేలకపోతే 30 రోజుల్లో అక్కడికి వెళ్ళవచ్చు, రుసుము లేదు, 39 రోజుల్లో తేల్చాలి. అథారిటీ కూడా కంపెనీలోదే కాబట్టి నాకేం పెద్ద ఆశల్లేవు. కానీ తర్వాతి మెట్టుకి ఈ కాగితం కావాలి.

తర్వాతి మెట్టు వినియోగదారుల హెల్ప్‌లైను 1915, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్. టెలికాం గొడవలు అక్కడికి రావని కంపెనీలు చాలాకాలం వాదించాయి. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది, 2019 వినియోగదారుల చట్టంలో సేవ అనే మాట కింద టెలికాం పేరు పెట్టి మరీ ఉంది. ఐదు లక్షల లోపు విలువకి ఫీజు కూడా లేదు. అయినా డెబ్బై రూపాయలకి కమిషన్ మెట్లెక్కుతానా అంటే, ఒక్కడినే అయితే ఎక్కను. వాయిదాలకి తిరిగే పెట్రోలే అంతకన్నా ఎక్కువ. ఎనిమిది ఇళ్ళూ కలిస్తే ఒకే ఫిర్యాదుగా వేయడానికి కమిషన్ అనుమతి అడగవచ్చు. ఇప్పటికి మూడిళ్ళు సరే అన్నాయి, ఒకరు "మనకెందుకండీ" అన్నారు, మిగతావాళ్ళు మా బావ అన్నట్టే నవ్వారు.

అప్పీల్లో మూడో కోరిక ఒకటి చేర్చాను: నెలలో పోయిన గంటలన్నీ కలిపి, పద్దెనిమిది దాటితే అడక్కుండానే క్రెడిట్ పడాలి. పద్దెనిమిది ఎందుకంటే, 720లో రెండున్నర శాతం మావైపు గాలివానలకి వదిలేశాను. ఇది ఏ నియమంలోనూ లేదు, నేను పెట్టిన అంకె. ఒప్పుకుంటారని కాదు, ఎందుకు ఒప్పుకోరో రాసివ్వమని అడిగాను.

ఈ ఉదయం RX Power మైనస్ 26.4. ముక్క ఇంకా మార్చలేదు.